128 జీబీనా, 256 జీబీనా? పిల్లల డాన్స్ వీడియోలు ఎక్కువ తీసేవాళ్లకు ఎంత స్టోరేజ్ కావాలి?

అమ్ములు_అమ్మ

అందరికీ నమస్తే. మాది కూకట్‌పల్లి, ఆఫీసు రాయదుర్గం. ఇప్పుడు వాడుతున్నది 64 జీబీ ఆండ్రాయిడ్ ఫోను. ఏడాది నుంచి దీనితో ఒకటే టెన్షన్, వారం తిరక్కుండానే నిండిపోయిందని మెసేజ్ వస్తుంది. మొన్న రవీంద్రభారతిలో మా అమ్మాయి కూచిపూడి ప్రోగ్రాం జరుగుతుంటే సగంలో రికార్డింగ్ ఆగిపోయింది. అందుకే కొత్తది కొనాలనుకుంటున్నాను.

నచ్చిన మోడల్‌లో 128, 256 రెండూ ఉన్నాయి. తేడా నాలుగు వేలు. మెమరీ కార్డు పెట్టుకునే స్లాట్ లేదు. కొంటే నాలుగేళ్లయినా వాడాలి. నా వాడకం చెప్తాను. డాన్స్ క్లాసులో టీచర్ గారు కొత్త జతి చెప్పినప్పుడల్లా చిన్న వీడియో తీస్తాను, ఇంట్లో ప్రాక్టీసుకి అది చూసుకుంటుంది. ఏడాదికి రెండు ప్రోగ్రాములుంటాయి. ఫోటోలు మామూలే. మెట్రోలో కేపీహెచ్‌బీ నుంచి అమీర్‌పేట, అక్కడ మారి రాయదుర్గం. ఆ టైంలో చూడటానికి సీరీస్ ఎపిసోడ్లు ముందురోజు రాత్రే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటాను.

"ఎందుకైనా మంచిది, పెద్దది తీసుకోండి" అని షాపులో ఎలాగూ చెప్పారు. నాకు కావాల్సింది లెక్క. ఎలా వెయ్యాలో ఎవరైనా చెప్పగలరా?

గచ్చిబౌలి_గేమర్

అక్కా, లెక్క సింపుల్. ఇప్పుడు చాలా ఫోన్లకి 50 మెగాపిక్సెల్ కెమెరా. ఒక్కో ఫోటో 15 ఎంబీ వేసుకోండి. నెలకి 200 ఫోటోలంటే 3 జీబీ, ఏడాదికి 36, నాలుగేళ్లకి 144. ఫోటోలకే 128 సరిపోదు. పైగా నేను ఆడే గేమ్ ఒక్కటే 20 జీబీ దాటింది. నా మాట వినండి, 512 ఉన్న ఇంకో మోడల్ చూడండి.

నల్లకుంట_మాస్టారు

అమ్మా, నాకు తెలిసినంతలో చెప్తాను. ఫోను స్లో అవుతోందంటే 8 జీబీ కన్నా 12 జీబీది తీసుకోవడం మంచిది. లేదంటే ఇప్పుడు సెట్టింగ్స్‌లోనే ర్యామ్ పెంచుకునే సదుపాయం వచ్చింది, మా అబ్బాయి నా ఫోన్లో అదనంగా 8 జీబీ పెట్టాడు. డబ్బు ఖర్చు లేదు. మీరూ అలా చెయ్యవచ్చు కదా.

బిట్‌రేట్_బాబాయి

మాస్టారూ, అమ్మాయి అడుగుతున్నది ర్యామ్ గురించి కాదండి, ఫోటోలు, వీడియోలు దాచుకునే చోటు గురించి. అయితే మీరు చెప్పినదాంట్లో ఆవిడకి పనికొచ్చే విషయం ఒకటుంది. సెట్టింగ్స్‌లో పెంచే ఆ 8 జీబీ ర్యామ్ గాల్లోంచి రాదు, స్టోరేజ్‌లోంచే తీసుకుంటుంది. చోటు సరిపోనివాళ్లు ముందు దాన్ని ఆపేసి చూడాలి.

గేమర్ తమ్ముడూ, 50 మెగాపిక్సెల్ అన్నది సెన్సార్ మాట. కెమెరా తెరిచి మామూలుగా నొక్కితే పక్కపక్కనున్న నాలుగు పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫోటోనే ఇస్తుంది. అది 3 నుంచి 5 ఎంబీ. 50 మోడ్ ప్రత్యేకంగా ఎంచుకుంటేనే నువ్వు చెప్పిన 15 ఎంబీ వస్తుంది. ఆ మోడ్ వాడేవాళ్లకి నీ లెక్క కరెక్టే. ఆవిడ వాడకం చూస్తే ఫోటోలు అసలు సమస్యే కాదు.

అమ్ములు_అమ్మ గారూ, లెక్క వేసే ముందు ఒక్క సంగతి. ఫోన్లో ఉండేవన్నీ ఒకేలా పెరగవు. సిస్టమ్, యాప్‌లు ఒక స్థాయి దాకా వచ్చి దాదాపు అక్కడే ఉంటాయి. మెట్రోలో చూసే ఎపిసోడ్లు వస్తుంటాయి, పోతుంటాయి. ఎన్నేళ్లయినా మీరు ఒకేసారి ఉంచుకునే వారం సరుకు ఎంతో అంతే. ఫోటోలు, వీడియోలు, వాట్సాప్ మాత్రం ప్రతి నెలా పేరుకుంటూ పోతాయి. నాలుగేళ్ల లెక్కలో నాలుగుతో గుణించాల్సింది ఈ మూడో రకాన్నే. చాలామంది అన్నిటినీ కలిపి గుణించి భయపడతారు, లేదా దేన్నీ గుణించకుండా కొనేసి ఏడాదిలో ఇరుక్కుంటారు.

ఇప్పుడు మీ పాత ఫోన్లో ఎంత నిండిందో చూసి అదే మీ అవసరం అనుకోకండి. నిండిపోయిన ఫోన్లో కనిపించేది మీరు తీసినది కాదు, తీసేసాక మిగిలింది. మీరు లాప్‌టాప్‌లోకి గానీ పెన్‌డ్రైవ్‌లోకి గానీ ఎక్కించినవి ఉంటే అవి కూడా కలపాలి.

నాకు ఇవి చూసి చెప్పండి. గత ఏడాదిలో తీసిన మొత్తం ఫోటోల సైజు, మొత్తం వీడియోల సైజు. మీరు తీసిన ఒక పెద్ద వీడియో నిడివి, దాని సైజు. గ్యాలరీలో వీడియో తెరిచి పైకి జరిపినా, మూడు చుక్కలు నొక్కినా వివరాల్లో కనిపిస్తుంది. ఇంకా వాట్సాప్ ఎంత తింటోందో.

అమ్ములు_అమ్మ

థాంక్యూ అండీ. చూశాను. ప్రతి రెండు నెలలకీ మా వారు అన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి ఫోన్లోంచి తీసేస్తారు, కాబట్టి ఏడాది లెక్క దొరికింది.

పోయిన జూన్ నుంచి ఈ మే దాకా ఫోటోలు 7 జీబీ పైచిలుకు, వీడియోలు 38 జీబీ. వీడియోలు అంత ఉంటాయని నేను అనుకోలేదు! ప్రోగ్రాంలో తీసిన ఒక వీడియో సరిగ్గా 8 నిమిషాలు, 1.02 జీబీ అని ఉంది. వాట్సాప్‌లో Manage storage లో చూస్తే 12 జీబీ. స్కూలు గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, చుట్టాల గ్రూపులు రెండు.

స్టోరేజ్ పేజీలో యాప్‌లు 15 జీబీ అని చూపిస్తోంది. ఒకటి అర్థం కాలేదు. నేను డౌన్‌లోడ్ చేసిన ఎపిసోడ్లు వీడియోల కింద కనిపించడం లేదు.

బిట్‌రేట్_బాబాయి

సీరీస్ డౌన్‌లోడ్లు ఆ యాప్ లోపలే తాళం వేసి ఉంటాయమ్మా, అందుకే యాప్‌ల లెక్కలోకి వస్తాయి. యాప్ పేరు నొక్కి చూస్తే "డేటా" అని విడిగా కనిపిస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు, వీడియోలు మాత్రం చాలా ఫోన్లలో ఇమేజెస్, వీడియోస్ కింద కలిసిపోతాయి. అందుకే ఆ పేజీలోని రంగుల గీతను నమ్మి లెక్క వేస్తే ఒకటి రెండుసార్లు పడుతుంది, ఇంకోటి అసలు పడదు. ఫోల్డర్లు విడివిడిగా చూడటం మేలు. లాప్‌టాప్‌తో పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఇలా చూడవచ్చు:

```
adb shell du -sh /sdcard/DCIM/Camera
adb shell du -sh /sdcard/Android/media/com.whatsapp
adb shell df -h /data
```

ఇప్పుడు అసలు విషయం. 8 నిమిషాలకి 1.02 జీబీ అంటే నిమిషానికి సుమారు 127 ఎంబీ. మీ పాత ఫోను 1080p లో, సెకనుకి 30 ఫ్రేముల్లో, పాత పద్ధతి కంప్రెషన్‌తో తీస్తోందన్నమాట. కెమెరా సెకనుకి 17 మెగాబిట్ల చొప్పున రాస్తోంది. ఎనిమిది బిట్లు ఒక బైటు, నిమిషానికి 60 సెకన్లు, కాబట్టి మెగాబిట్లను 7.5 తో గుణిస్తే నిమిషానికి ఎన్ని ఎంబీలో వస్తుంది.

ఏడాదికి 38 జీబీ. దాన్ని 127 ఎంబీతో భాగిస్తే దాదాపు 300 నిమిషాలు. ఈ 300 నిమిషాలే మీ అలవాటు. ఫోను మారినా అది మారదు. 38 జీబీ మాత్రం పాత ఫోను అలవాటు. కొత్త ఫోన్లో నిమిషానికి ఎంత రాస్తుందో తెలిస్తే 300 తో గుణించుకోవచ్చు. కంపెనీ కాగితాల్లో ఇది రాయరు. షాపులో డెమో పీసు ఉంటుంది కదా, కెమెరా తెరిచి ఒక్కో సెట్టింగ్‌లో ఒక్కో నిమిషం తీసి సైజు చూసి రండి. గోడ వైపు పెట్టి తీయకండి, షాపులో మనుషులు తిరిగే వైపు తీయండి. కదలిక లేని దృశ్యానికి కొన్ని ఫోన్లు తక్కువ రాస్తాయి, అప్పుడు మీ లెక్క తక్కువొస్తుంది.

క్లౌడ్‌నైన్_మాదాపూర్

ఇంత శ్రమ ఎందుకండీ? ఈ రోజుల్లో ఎవరైనా ఫోన్లో దాచుకుంటారా? గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ ఆన్ చేసి పెట్టేయండి, 128 దండిగా సరిపోతుంది. నాలుగు వేలు మిగులుతాయి. నేను అదే చేస్తున్నాను, నా 128 జీబీ ఫోన్లో ఇంకా సగం ఖాళీ ఉంది.

రిపేర్_జగదీశ్‌మార్కెట్

మాదాపూర్ అన్నా, నువ్వు చెప్పింది తప్పు కాదు గానీ జర ఆగు. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అందులోనే జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ. 2021 జూన్ 1 కి ముందు తక్కువ క్వాలిటీ ఫోటోలు లెక్కలోకి వచ్చేవి కావు, ఇప్పుడు అవీ వస్తాయి. అక్కకి ఏడాదికి ఫోటోలు, వీడియోలు కలిపి 45 జీబీ. అంటే ఖాతా పూర్తిగా ఖాళీగా ఉన్నా నాలుగు నెలలకి నిండిపోతుంది. ఆ తర్వాత నెలనెలా కట్టాలి. నాలుగేళ్లు కట్టే డబ్బు, ఇప్పటి నాలుగు వేలు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఇంకొకటి. బ్యాకప్ అయినంత మాత్రాన ఫోన్లో చోటు రాదు. Free up space అని ఉంటది, అది నొక్కితేనే ఫోన్లోవి పోతాయి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో మస్తుమందికి ఈ సంగతి తెలియదు. "క్లౌడ్‌లో పెట్టినా నిండుతోంది" అంటారు, చూస్తే అన్నీ రెండు చోట్లా ఉంటాయి. తీసేసినవి కూడా ట్రాష్‌లో కూర్చుంటాయి. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు, కానివి 30 రోజులు.

నేను కౌంటర్ మీద చూసేది చెప్తా. పూర్తిగా నిండిన ఫోను మామూలుగా స్లో అవ్వడంతో ఆగదు. కొత్త సమాచారం రాయాలంటే మెమరీ చిప్‌లో ఖాళీ బ్లాకులు కావాలి. అవి లేకపోతే పాతవి సర్దుకుంటూ, చెరుపుకుంటూ రాస్తది. ముందు కెమెరా తెరుచుకోవడం లేటవుతది, తర్వాత వాట్సాప్‌లో ఫోటోలు దిగవు, సిస్టమ్ అప్‌డేట్ సగంలో ఆగుతది. మరీ ముదిరితే ఆన్ చేసినప్పుడు కంపెనీ లోగో దగ్గరే తిరుగుతూ ఉండిపోయే ఫోన్లు కూడా వస్తాయి. అప్పుడు డేటా బయటికి తియ్యడం మాకూ కష్టమే. అందుకని పదో వంతు ఖాళీ ఉంచుకునేటట్టు లెక్క వేసుకో అక్కా. ఆ పదో వంతుని వాడుకునే చోటు అనుకోవద్దు.

క్లౌడ్‌నైన్_మాదాపూర్

నెలనెలా కట్టడం నిజమే, నేను కడుతున్నాను. కానీ ఫోను పోతే? దొంగతనం జరిగితే? 256 జీబీ ఉన్నా పోయినవి పోయినట్టే కదా. నాలుగేళ్ల డాన్స్ వీడియోలు ఒక్క ఫోన్లోనే ఉంచుకోవడం నాకు భయంగా ఉంటుంది.

బిట్‌రేట్_బాబాయి

ఆ మాటకి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఫోన్లో ఎంత చోటు ఉండాలి, ఇంకో కాపీ ఎక్కడ ఉండాలి అన్నవి వేరువేరు ప్రశ్నలు. వాళ్లింట్లో లాప్‌టాప్‌లో ఒక కాపీ ఉంది. దాన్ని ఆపకుండా కొనసాగిస్తే చాలు.

సైనిక్‌పురి_తాతయ్య

నాది కొంచెం వేరే గొడవ నాయనా. నేను వీడియోలు తీయను, ఫోటోలు తీయను. సినిమాలు చూడను. అయినా నా 64 జీబీ ఫోను నిండిపోయింది. మనవడు చూసి వాట్సాప్ ఒక్కటే 29 జీబీ అన్నాడు. రోజూ పొద్దున్నే వచ్చే శుభోదయాలు, ప్రవచనాల వీడియోలు, వాటిని నేను మిగతావాళ్లకి పంపడం, అంతే. ఇంత ఎలా అయింది?

రిపేర్_జగదీశ్‌మార్కెట్

తాతయ్య గారూ, ఒక్కో ఫోటో చిన్నదే. వాట్సాప్ పంపేటప్పుడే కుదిస్తుంది కాబట్టి మామూలుగా పంపిన ఫోటో కొన్ని వందల కేబీలే. బరువంతా వీడియోలది. గ్రూపులో ఎవరు ఏది పెట్టినా మీరు చూడకపోయినా దానంతట అదే దిగిపోతుంది. సెట్టింగ్స్‌లో Storage and data లోకి వెళ్లి Media auto-download దగ్గర వైఫైలో కూడా వీడియోలు దిగకుండా టిక్ తీసేయండి. కావాల్సినవి మీరే నొక్కి చూసుకోవచ్చు.

తర్వాత అక్కడే Manage storage లో "5 ఎంబీ కన్నా పెద్దవి" అని ఒక వరస ఉంటుంది. ముందు అది తెరవండి. వందల శుభోదయాలు తుడిచినా రాని చోటు, పది పెద్ద వీడియోలు తీసేస్తే వస్తుంది.

ఫోన్లోని ఫైళ్లలో వాట్సాప్ వీడియోల ఫోల్డర్ లోపల Sent అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది. ఫోన్లో తీసిన వీడియో మీరు పంపితే కుదించిన కాపీ ఒకటి అక్కడ పడుతుంది. అక్కా, ఇది నీకూ వర్తిస్తది. డాన్స్ వీడియో టీచర్‌కి, అమ్మమ్మకి పంపుతావు కదా, అసలుది కెమెరా ఫోల్డర్లో, చిన్న కాపీ Sent లో. Databases అని ఇంకో ఫోల్డర్లో రోజువారీ చాట్ బ్యాకప్‌లు వారం రోజులవి ఉంటాయి. చాట్ పెద్దదైతే అవే ఒకటి రెండు జీబీలు. వాటి జోలికి పోవద్దు, ఫోను పాడైతే చాట్ తిరిగి తెచ్చేది అవే.

అమ్ములు_అమ్మ

షాపుకి వెళ్లి వచ్చాను. ఆదివారం జనం బాగా ఉన్నారు, మీరన్నట్టు మనుషులు తిరిగే వైపే తీశాను. సేల్స్ అబ్బాయి మొదట వింతగా చూశాడు గానీ తర్వాత తనే ఆసక్తిగా సెట్టింగులు మార్చి ఇచ్చాడు.

1080p, 30 ఫ్రేములు: నిమిషానికి 128 ఎంబీ. కెమెరా సెట్టింగ్స్‌లో "హై ఎఫిషియెన్సీ వీడియో" అని ఒక మీట ఉంది, అది ఆన్ చేస్తే 70 ఎంబీ. 4K లో 30 ఫ్రేములు, ఆ మీట ఆఫ్: 360 ఎంబీ. ఆన్: 200 ఎంబీ. ఫోటో ఒకటి 4 ఎంబీ.

సెట్టింగ్స్‌లో చూస్తే ఏమీ వెయ్యకముందే సిస్టమ్ 20 జీబీ తిని కూర్చుంది.

బిట్‌రేట్_బాబాయి

చక్కగా చేశారమ్మా. ఇంక లెక్క వచ్చేసినట్టే. మెల్లగా వేద్దాం.

ముందు 128 జీబీ ఫోను. సిస్టమ్‌కి 20 పోతే 108. రిపేర్ తమ్ముడు చెప్పిన పదో వంతు, అంటే 12 దాకా పక్కన పెడితే 96. మీ యాప్‌లు ఇప్పుడు 15 జీబీ, అందులో ఎపిసోడ్లు కొన్ని ఉన్నాయి. కొత్త ఫోన్లో యాప్‌లు కాస్త ఒళ్లు చేస్తాయి కాబట్టి అన్నీ కలిపి 22 వేద్దాం. మెట్రో డౌన్‌లోడ్లకి విడిగా 8. గంట ఎపిసోడ్ మామూలు క్వాలిటీలో అర జీబీ లోపే ఉంటుంది, పెద్ద క్వాలిటీలో ఒక జీబీ దాకా పోవచ్చు. ఫోన్ తెర మీద మెట్రోలో చూడటానికి మామూలు క్వాలిటీ చాలు. ఆ 8 జీబీలో పదిహేను గంటలు పడుతుంది, పాటలు కూడా కాసిని పడతాయి. ఇవి పోతే 66. పాత వాట్సాప్ 12 జీబీ వెంట తెచ్చుకుంటారు, నచ్చిన పాత ఫోటోలు, వీడియోలు ఇరవై జీబీ తెచ్చుకుంటారు అనుకుందాం. మిగిలింది 34.

ఇక ఏడాదికి పేరుకునేది. ఫోటోలు నెలకి 200 లెక్కన 2,400 వేసుకుంటే, 4 ఎంబీ చొప్పున 10 జీబీ. వాట్సాప్ 4. వీడియోలు 300 నిమిషాలు. ఆ మీట ఆఫ్‌లో ఉంటే 1080p లో 38 జీబీ, అంతా కలిపి 52. అంటే 128 జీబీ ఫోను ఎనిమిది నెలల్లో మళ్లీ ఇదే పరిస్థితికి వస్తుంది. మీట ఆన్ చేస్తే వీడియోలు 21, మొత్తం 35. ఏడాది వస్తుంది, అంతే. ఆ పైన మళ్లీ లాప్‌టాప్ చుట్టూ తిరగాలి.

256 తీసుకుంటే సిస్టమ్ అదే 20. ఖాళీ వదిలేది 25. యాప్‌లు, డౌన్‌లోడ్లు అవే 30. తెచ్చుకునేవి అవే 32. మిగిలింది 149. చూశారా, ఫోను రెట్టింపు అయింది కానీ మీకు పెరగడానికి మిగిలిన చోటు 34 నుంచి 149 అయింది, నాలుగు రెట్లకి పైనే. ఎందుకంటే కదలకుండా ఉండే ఖర్చులు రెండు ఫోన్లకీ దాదాపు ఒకటే. నాలుగు వేలకి మీరు కొనేది 128 జీబీ కాదు, దాదాపు 115 జీబీల నికరమైన చోటు.

ఏడాదికి 35 చొప్పున 149 నాలుగేళ్లు దాటి వస్తుంది. మీట ఆఫ్‌లో 52 చొప్పున అయితే మూడేళ్లలోపే. అన్నీ 4K లో, మీట ఆన్ చేసి తీస్తే వీడియోలే 60, మొత్తం 74, సరిగ్గా రెండేళ్లు. 4K లో మీట కూడా ఆఫ్ అయితే వీడియోలకే 108, ఏడాదీ మూడు నెలలు కూడా కష్టం.

కాబట్టి మీ విషయంలో 128 కి, 256 కి ఎంత తేడానో, 4K బదులు 1080p పెట్టడం, మీట ఆన్ చెయ్యడం, ఈ రెండు కెమెరా సెట్టింగ్‌లకి కలిపి దాదాపు అంతే తేడా. ఫోను కొన్న రోజే అవి మార్చేయండి.

గచ్చిబౌలి_గేమర్

లెక్క బాగుంది బాబాయ్. కానీ ఆ మీట ఆన్ చేస్తే క్వాలిటీ పోదా? సగం సైజు అంటే సగం క్వాలిటీ కదా.

బిట్‌రేట్_బాబాయి

సగం కాదు. అది వేరే రకం కంప్రెషన్, పేరు హెచ్‌ఈవీసీ. పాతదైన హెచ్.264 కన్నా తక్కువ డేటాలో అదే నాణ్యత ఇవ్వడానికే 2013 లో తెచ్చారు. కంటికి తేడా కనిపించదు.

పెళ్లివీడియోలు_కొంపల్లి

కనిపించదు అని అంత గట్టిగా చెప్పకండి సార్. నేను పెళ్లిళ్లకి వీడియో తీస్తాను, ఈ పని మీదే బతుకుతున్నాను. ఎండలో, ఇంట్లో లైట్ల కింద నిజంగానే తేడా కనిపించదు. స్టేజీ మాత్రం వేరు. వెనక అంతా చీకటి, ముందు రంగుల లైట్లు, డాన్సర్ చేతులు, పాదాలు వేగంగా కదులుతుంటాయి. అక్కడ నీడల్లో గడులు గడులుగా కనపడటం నేను చూశాను. ఫోన్ని బట్టి ఉంటుంది. కూచిపూడిలో పాదాల కదలికే ముఖ్యం కదా, ప్రోగ్రాం రోజున మాత్రం 4K లో తియ్యమంటాను నేను. తర్వాత దగ్గరికి కోసుకుని చూసినా ముఖం స్పష్టంగా ఉంటుంది.

బిట్‌రేట్_బాబాయి

నీడల్లో గడులు మీట ఆఫ్‌లో ఉన్నా వస్తాయి. చీకట్లో చిన్న సెన్సార్‌కి నాయిస్ ఎక్కువ, ఆ నాయిస్‌ని కుదించడం ఏ కంప్రెషన్‌కైనా కష్టమే. వెనక వరసలో కూర్చుని జూమ్ చేస్తే 4K అని పేరుకే. ముందు వరస దొరికితే మాత్రం మీ మాట నిజం.

మీ సలహా లెక్కలో పెడదాం. రెండు ప్రోగ్రాములు కలిపి గంట అనుకుంటే, ఆ 60 నిమిషాలు 4K లో 12 జీబీ. 1080p లో అయితే 4 ఉండేది. ఏడాదికి 8 జీబీ పెరిగి 43 అవుతుంది. 149 మూడున్నరేళ్ల దగ్గర ఆగుతుంది. అంత దాకా వచ్చాక మొదటి ఏడాది వీడియోలు లాప్‌టాప్‌లో ఉన్నాయో లేదో చూసుకుని ఫోన్లోంచి తీసేస్తే సరిపోతుంది.

అమ్ములు_అమ్మ

256 ఖాయం చేసుకున్నాను. క్లాసు వీడియోలు 1080p, ప్రోగ్రాం మాత్రం 4K. ఆ మీట ఆన్.

ఇంకో సందేహం. డాన్స్ క్లాసులో పాత టీవీ ఉంది. టీచర్ గారు పెన్‌డ్రైవ్‌లో వీడియో పెట్టి పిల్లలందరికీ చూపిస్తారు. సేల్స్ అబ్బాయి "ఆన్ చేస్తే కొన్ని టీవీల్లో రాదు మేడమ్" అన్నాడు. నిజమేనా?

రిపేర్_జగదీశ్‌మార్కెట్

నిజమే అక్కా. పాత టీవీలు హెచ్‌ఈవీసీని చదవలేవు. శబ్దం వచ్చి బొమ్మ రాకపోవచ్చు, లేదా ఫైలే సపోర్ట్ చెయ్యదని చెప్తది. ఒక్క నిమిషం వీడియో తీసి పెన్‌డ్రైవ్‌లో వేసి ఆ టీవీకే పెట్టి చూడు, వేరే దారి లేదు. విండోస్ లాప్‌టాప్‌లో కూడా కొన్నిట్లో అడ్డుపడతది, వీఎల్‌సీ వేస్తే ఆడతది.

పెన్‌డ్రైవ్ గురించి ఇంకో మాట. కొత్తది చాలావరకు ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో వస్తది. అందులో 4 జీబీ కన్నా పెద్ద ఫైలు ఒక్కటి కూడా పట్టదు, పెన్‌డ్రైవ్‌లో 50 జీబీ ఖాళీ ఉన్నా సరే. నీ 4K ప్రోగ్రాం ఆపకుండా ఇరవై నిమిషాలు తీస్తే 4 జీబీ వస్తది. అట్లాంటప్పుడు ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చెయ్యాలి, కానీ పాత టీవీ దాన్ని చదువుతదో లేదో మళ్లీ చూసుకోవాల్సిందే. అంశానికొక వీడియోగా ఆపి ఆపి తీస్తే ఈ గొడవ ఉండదు.

పెళ్లివీడియోలు_కొంపల్లి

ఆపి ఆపి తియ్యడమే మంచిది. మధ్యలో ఫోను వేడెక్కి ఆగినా, ఒక ఫైలు పాడైనా మిగతావి ఉంటాయి. టీవీ కోసం అయితే వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని ఆ కాపీని పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, అది పాత పద్ధతిలోకి మారి వస్తుంది. క్వాలిటీ తగ్గుతుంది, కానీ పిల్లలు అడుగులు చూసుకోవడానికి సరిపోతుంది.

క్లౌడ్‌నైన్_మాదాపూర్

60 ఫ్రేముల గురించి ఎవరూ చెప్పలేదు. డాన్స్‌కి అదే బాగుంటుంది కదా, కదలిక నునుపుగా వస్తుంది. సైజు రెట్టింపు అవుతుందా?

బిట్‌రేట్_బాబాయి

ఫోన్ని బట్టి మారుతుంది. 1080p లో 60 ఫ్రేములకి ఒకటిన్నర రెట్లు రాసేవి చూశాను, 4K లో రెట్టింపు దాటేవీ చూశాను. ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో నిమిషానికి ఎంతో రాసే ఉంటుంది, అక్కడ కూడా 4K 30 నుంచి 60 కి పోతే రెట్టింపు పైనే. కాబట్టి ఊహించడం కన్నా ఆ ఫోన్లోనే ఒక నిమిషం తీసి చూడటం మేలు. ఇంకో చిక్కు కూడా ఉంది. 60 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేముకి వెలుగు తీసుకునే టైం తగ్గిపోతుంది, స్టేజీ మీద బొమ్మ చీకటిగా రావచ్చు. పగటిపూట క్లాసులో, అది కూడా పాదాల వీడియోలకి మాత్రం వాడి చూడొచ్చు.

అమ్ములు_అమ్మ

ఫోను శనివారం తీసుకుంటున్నాను. మొదటి నిమిషం వీడియో 60 ఫ్రేముల్లో మా హాల్లోనే తీసి సైజు ఇక్కడ పెడతాను. క్లాసులో టీవీకి పెట్టి చూసిన సంగతి కూడా చెప్తాను.

నల్లకుంట_మాస్టారు

అబ్బాయికి చెప్పి ఆ అదనపు 8 జీబీ ర్యామ్ ఆపించాను. నిజంగానే స్టోరేజ్‌లో 8 జీబీ ఖాళీ కనిపించింది. ఫోను స్లో అయినట్టు ఏమీ అనిపించలేదు. మీ అందరికీ ధన్యవాదాలు.